అత్తయ్య మాత్ర

నిరుడు మా అత్తయ్య మంచం మీద ఒత్తిగిలితే చాలు, ఇల్లంతా గిర్రున తిరిగేది. డాక్టరుగారు సిన్నరిజిన్, డైమెన్‌హైడ్రినేట్ కలిసిన మాత్ర వారం రోజులకు రాశారు. తగ్గింది. మళ్ళీ వస్తుందేమోనన్న భయంతో నేనే అదే చీటీ చూపించి గుడివాడలో ఆరు నెలలు కొంటూ వచ్చాను.

ఆవిడకు పగలంతా మగత. రాత్రి లేస్తే తూలేవారు. తర్వాత కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణకడం, అడుగులు చిన్నవవడం మొదలైంది. వయసు కదా అనుకున్నాను.

చివరికి చూపిస్తే డాక్టరుగారు ముందు మందుల సంచీ అడిగారు. "సిన్నరిజిన్ మెదడులో డోపమైన్ పనిని అడ్డుకుంటుందమ్మా. పెద్దవాళ్ళు నెలల తరబడి వాడితే ఇలా పార్కిన్సన్స్‌లాంటి వణుకు వస్తుంది" అని ఆపించారు. మూడు నెలలకు వణుకు పోయింది.

ఇప్పుడు చీటీలో మందు పేరు కంటే ముందు ఎన్ని రోజులో చూస్తున్నాను.