బాబాయికి వచ్చిన నోటీసు, నేను తెలుగు చేయకుండా వదిలేసిన మాటలు

పోస్టు పెద్దదే, ఓపికుంటే చదవండి.

మన ఊళ్లలో ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా హాస్టల్లో చదువుకునే పిల్లోడికి ఫోటో కొట్టి పంపుతారు కదా. ఈసారి ఆ పిల్లోడిని నేనే. నేను చదివేది ఎమ్మెస్సీ బోటనీ, లా కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఈ పోస్టంతా దాని గురించే.

జూన్ 26న బాబాయి ఫోటో పంపాడు. ఒక్క పేజీ. అయిదారు వాక్యాలు, కింద భూమి వివరాలు. వెనక ఉన్న కథ కొంచెం చెప్పాలి. గోదావరి ఏజెన్సీలో మా ఊళ్లో తాత భూమి 3 ఎకరాల 20 సెంట్లు చాన్నాళ్లుగా ఒక గిరిజనేతర ఆసామి సాగులో ఉంది. బాబాయి 1/70 కింద స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ గారి దగ్గర ఎల్‌టీఆర్ కేసు వేశాడు. ఏజెన్సీలో గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనుల దగ్గర్నుంచి వచ్చిందేనని ఆ రెగ్యులేషన్ ముందే అనుకుంటుంది, కాదంటే అవతలి వాళ్లే రుజువు చేసుకోవాలి. ఆసామి చేసుకోలేకపోయాడు. మే నెలలో ఆర్డరు మనకి అనుకూలంగా వచ్చింది. జూన్ 17న ఆర్‌ఐ వచ్చి, పంచనామా రాసి, హద్దులు చూపించి భూమి అప్పజెప్పారు. బాబాయి దుక్కి దున్ని, పత్తి గింజల ప్యాకెట్లు కొని అటక మీద పెట్టుకున్నాడు. అప్పుడొచ్చింది ఈ నోటీసు. ఆసామి ఏజెంట్ గారి దగ్గరికి, అంటే కలెక్టర్ హోదాలో ఉండే అప్పీలు అధికారి దగ్గరికి వెళ్లాడు.

ఇందులో ఏముందో నేను ఫోన్లోనే గడగడా తెలుగులో చెప్పేశాను. అయిదు నిమిషాలు పట్టలేదు. "ఆర్డరు ఆపేశారు బాబాయ్, జులై 10న వాయిదా, నువ్వు వెళ్లాలి" అన్నాను. తర్వాత పిన్ని చేతికి ఫోనిచ్చే ముందు బాబాయి ఆవిడకి కోయలో చెప్పడం నాకు వినబడింది. ఆవిడతో ఏం చెప్పాడంటే, ఆర్డరు కొట్టేశారంట, భూమి పోయిందంట అని. నేను ఆ మాట అనలేదు. కానీ నేను అన్న "ఆపేశారు" ఆయన చెవిలో "కొట్టేశారు" అయ్యింది. పొరపాటు ఆయనది కాదు. స్టే అంటే ఏంటో నేను చెప్పలేదు, నాకు తేలిగ్గా నోటికొచ్చిన క్రియ ఒకటి వాడేశాను.

ఆ రాత్రి కూర్చుని రాతలో పెట్టాను. రెండు కాగితాలు తీసుకున్నాను. మొదటి దాని మీద నాకు నూటికి నూరు తెలిసినవి మాత్రమే: కాగితం ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, అప్పీలు నెంబరు, పాత ఎల్‌టీఆర్ కేసు నెంబరు, వాయిదా తేదీ, టైము, ఎక్కడికి వెళ్లాలి. తేదీలు, సర్వే నెంబరు అంకె అంకె చూసి దించాను, తర్వాత మే నెల ఆర్డరు కాపీ పక్కన పెట్టి సరిపోల్చాను. రెండో కాగితం మీద, నాకు అర్థమైనట్టే ఉన్నా చట్టంలో దాని బరువెంతో తెలియని మాటలు. వాటిని తెలుగు చేయలేదు. ఇంగ్లీషు మాటనే తెలుగు అక్షరాల్లో రాసి, చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి, పక్కన రెండు ముక్కలు రాశాను: నేను ఏమనుకుంటున్నాను, నేను తప్పయితే బాబాయికి ఏం నష్టం. నష్టం పెద్దదైతే ఆ మాట వకీలుని మొదట అడగాలి.

కొన్ని మాటలు తేలిగ్గానే తేలాయి. నోటీసులో బాబాయిని "రెస్పాండెంట్" అన్నారు. మా ఊళ్లో పదో తరగతి చదివిన ఒకాయన దాన్ని "ముద్దాయి" అని చదివి పెట్టాడు, పిన్నికి ఆ రాత్రి నిద్ర లేదు. ముద్దాయి అంటే మన వాళ్లకి పోలీసులే గుర్తొస్తారు. ఇది క్రిమినల్ కేసు కాదు. అప్పీలు వేసినాయన అప్పీలుదారు, దానికి జవాబు చెప్పాల్సినాయన రెస్పాండెంట్, అంతే. నేను "ఎదుటి పక్షం, జవాబు చెప్పేవారు" అని రాశాను. అలాగే "షెడ్యూల్ ల్యాండ్". నేనే మొదట షెడ్యూల్డ్ ఏరియా భూమి అనుకున్నాను, మనకి ఆ మాట ఒంట్లో ఉంది కదా. ఇక్కడ షెడ్యూల్ అంటే పేజీ అడుగున రాసిన భూమి వివరాల పట్టిక, సర్వే నెంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు. ఇక "ఆన్ మెరిట్స్" చూసి మనలో ఎవరికైనా మెరిట్ లిస్టే గుర్తొస్తుంది. కేసులో ఉన్న అసలు విషయాన్ని బట్టి అని దాని అర్థం.

అసలు ఇబ్బంది మూడు చోట్ల వచ్చింది.

మొదటిది "ఫైల్ కౌంటర్, ఇఫ్ ఎనీ". మాటకి మాట పెడితే "జవాబు ఏమైనా ఉంటే ఇవ్వండి" అని వస్తుంది. అలా రాసి చూసుకుంటే పెళ్లి కార్డు మీద "వీలైతే రండి" అన్నట్టుంది. బాబాయి చదివితే, నేను చెప్పాల్సింది మే నెలలోనే చెప్పాను, ఇప్పుడేం లేదు, అని ఊరుకుంటాడు. పక్క వాక్యమేమో రాకపోతే ఎక్స్‌పార్టీగా నిర్ణయిస్తాం అంటోంది. ఎక్స్‌పార్టీ అంటే మీరు లేకుండా అవతలి వాళ్ల మాట ఒక్కటే విని. ఈ రెండూ పక్కపక్కన ఉన్నప్పుడు ఆ "ఉంటే" అనే మాట ఎంత మర్యాదకో, ఎంత నిజమో నేను తేల్చలేను. ఎర్ర గీత.

రెండోది స్టే. మూడోది దాని వెంటే ఉన్న "స్టేటస్ కో యాజ్ ఆన్ దిస్ డేట్". పేపర్లలో దీన్ని యథాతథ స్థితి అంటారు. నేను మొదట "ఈ రోజు ఎవరు ఎలా ఉన్నారో అలాగే ఉండాలి" అని రాసి, బాగా వచ్చిందని సంతోషపడ్డాను కూడా. బాబాయి అది విని, "అయితే భూమి నా దగ్గరే కదా ఉంది, రేపు గింజలు పెట్టేస్తా" అన్నాడు.

అప్పుడు నోటీసు మళ్లీ చూశాను. పైన తేదీ జూన్ 12. పంచనామా జూన్ 17. నోటీసు చేతికొచ్చింది 26. "ఈ తేదీ" అంటే ఏ తేదీ? జూన్ 12 అయితే ఆ రోజు పొలంలో ఉన్నది ఆసామి. 26 అయితే బాబాయి. నా వాక్యంలో "ఈ రోజు" అన్న రెండు మాటల వల్ల బాబాయి పత్తి వేసేవాడు, తర్వాత ఆయన ఆర్డరు ధిక్కరించాడని అవతలి వాళ్లు ఇంకో కాగితం పెట్టేవాళ్లు. చక్కగా, సాఫీగా ఉన్న తెలుగే ఇక్కడ ముంచేది. ఆ వాక్యం కొట్టేసి ఇలా రాశాను: "భూమి ఒక తేదీన ఎలా ఉందో అలాగే ఉంచాలి అన్నారు. ఆ తేదీ ఏదో, ఆ రోజు భూమి ఎవరి చేతిలో ఉన్నట్టు లెక్కో, వకీలు చెప్పేదాకా పొలంలో కొత్తగా ఏ పనీ మొదలుపెట్టొద్దు." చదవడానికి ఎబ్బెట్టుగా ఉంది. అయినా అదే ఉంచాను.

వకీలు ఎక్కడ దొరుకుతారని అడిగేవాళ్లకి: 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు ఇస్తారు. కోర్టు ఉన్న చోట న్యాయ సేవా కమిటీ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. బాబాయి రెండు కాగితాలు, నోటీసు, కవరు, మే ఆర్డరు, పంచనామా అన్నీ సంచిలో పెట్టుకుని వెళ్లాడు. నేను ఫోన్లో ఉన్నాను. వకీలు మేడం మొదటి కాగితం పక్కన పెట్టేసి రెండో కాగితమే చదివారు. ప్రశ్నలు రాసుండడం వల్ల పావుగంటలో పని అయింది.

కౌంటర్ గురించి ఆవిడ ఒక్క ముక్కలో తేల్చారు: "ఉంటే కాదు, ఇవ్వాల్సిందే. వకాల్తా మీద సంతకం పెట్టు." స్టే గురించి కాస్త వివరంగా చెప్పారు. స్టే వస్తే కింది ఆర్డరు చచ్చిపోదు, అమలు మాత్రం ఆగుతుంది. రద్దయితే అసలు ఆర్డరే లేనట్టు. ఈ తేడాని 1992లో శ్రీ చాముండీ మోపెడ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట. బాబాయికి అది నేను ఇలా చెప్పాను: ఎద్దు చావలేదు, గుంజకి కట్టేశారు. ఆయనకి వెంటనే అందింది. పిన్నికి ఆయనే చెప్పాడు, ఈసారి సరిగ్గా.

తేదీ ప్రశ్న దగ్గర మేడం కూడా ఆగారు. నోటీసులో ఉన్నది సారాంశమే, అసలు స్టే ఆర్డరు సర్టిఫైడ్ కాపీ తీస్తే కానీ ఏ తేదీ అని రాశారో తెలియదు అన్నారు. స్టే సంగతి తెలియకముందు కింది కోర్టు చేసిన పని దానంతట అది చెల్లకుండా పోదని 1967లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది, ఆర్‌ఐ చేసిన అప్పగింతకి అది వర్తిస్తుందని మనం వాదించాలి, అవతలి వాళ్లు కాదంటారు, అన్నారు. స్పష్టత ఇమ్మని పిటిషన్ వేస్తామని, అప్పటిదాకా గింజ వేయొద్దని, అలాగని పొలం వదిలి రావొద్దని చెప్పారు. ఇది మా కేసుకి ఆవిడ చెప్పిన మాట. మీ నోటీసుకి వేరేలా ఉండొచ్చు, దీన్ని కాపీ కొట్టకండి.

నాకు ఒకటి మాత్రం కొంచెం సిగ్గుగా ఉంది. వకీలే ఆగిన చోట నేను హాస్టల్ మంచం మీద కూర్చుని అయిదు నిమిషాల్లో తెలుగు చెప్పేశాను.

ఇప్పుడు ఇంకో పని చేస్తున్నాను. రాసింది బాబాయికి వినిపించాక, "నువ్వు పిన్నికి ఎలా చెప్తావో నాకు చెప్పు" అని అడుగుతున్నాను. ఆయన తిరిగి చెప్పేటప్పుడు ఎక్కడ మాట మారుతుందో అక్కడ నా వాక్యమే మార్చాలి. మొన్న "సర్టిఫైడ్ కాపీ"ని ఆయన జిరాక్స్ అన్నాడు. ఆఫీసు ముద్ర, సంతకం ఉన్న నకలు అని మార్చాను.

జులై 10కి ఇంకా ఆరు రోజులుంది. కాపీకి అప్లికేషన్ పెట్టారు, చేతికి రాలేదు. వానలు పడ్డాయి, పక్క పొలాల్లో పత్తి మొలకలు లేచాయి. బాబాయి రోజూ పొద్దున్నే గట్టు మీదకెళ్లి కూర్చుని వస్తున్నాడు. మీలో ఎవరింట్లోనైనా ఏజెంట్ కోర్టు ఇచ్చిన స్టే ఆర్డరు పూర్తి కాపీ ఉంటే, పేర్లు, నెంబర్లు చెరిపేసి, ఆ స్టేటస్ కో వాక్యం ఒక్కటి ఫోటో పెట్టండి. తేదీ ఎలా రాస్తారో చూడాలి.