మమ్నూ అంటే చాలు!

మన ఊళ్లలో ప్రహరీ గోడల మీద 'కమిట్ నో న్యూసెన్స్' అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం కాబట్టి అందులో ఏముందో మనకెవరూ చెప్పక్కర్లేదు. అదే గోడను ఒమన్ నుంచో యెమెన్ నుంచో వచ్చిన మనిషి ఫోన్లో ఫొటో తీసి, నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాడనుకోండి. న్యూసెన్స్‌కు అరబీలో 'ఇజ్ఆజ్' అని కనిపిస్తుంది. అంటే ఇబ్బంది పెట్టడం, గోల చేయడం. 'ఓహో, ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదు కాబోలు' అనుకుంటాడు. గోడ చెప్పేది మాత్రం, ఇచ్చట మూత్రము పోయరాదు అని!

ఇలాంటి ఫొటోలు మా పక్క పోర్షన్‌లో ఉండే భాయ్‌కి రోజూ వస్తుంటాయి. హైదరాబాద్‌కు వైద్యం కోసం వచ్చే అరబ్బులకు ఆయన దుబాసీ. రోగితో పాటు వచ్చిన అన్నో, తండ్రో రోడ్డు మీదా, ఆస్పత్రిలోనూ కనిపించిన బోర్డునల్లా ఫొటో తీసి పంపుతారు. భాయ్‌కి ఉర్దూ, ఇంగ్లిష్, అరబీ వచ్చు. తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. అందుకని తెలుగు బోర్డు వస్తే ఫోను పట్టుకుని మా గుమ్మంలోకి వస్తారు. "మేడమ్, ఇదేంటో కొంచెం చూడండి" అంటారు. బోర్డులో ఏముందో చెప్పడం నా వంతు, అరబీలో చెప్పడం ఆయన వంతు.

మొదట్లో నాకు ఆశ్చర్యం వేసేది. నేను రెండు వాక్యాలు చదివితే ఆయన మూడు మాటలు టైపు చేసి పంపేసేవారు. ఇంత పొట్టిగానా అంటే నవ్వి, "ఆయన రోడ్డు మీద నిలబడి ఉన్నాడు మేడమ్, పుస్తకం చదవట్లేదు" అన్నారు.

ఆ పొట్టితనానికి అరబీ వ్యాకరణంలోనే ఓ దారుంది. అరబీలో 'చేయి', 'చేయకు' అని ఆజ్ఞాపిస్తే మగవాడికి ఒక రూపం, ఆడమనిషికి ఒక రూపం, పదిమందికి మరో రూపం కావాలి. బోర్డు ముందు ఎవరు నిలబడతారో ఎవరికి తెలుసు? అందుకే అరబ్ దేశాల్లో బోర్డులు ఎక్కువగా 'మమ్నూ' అనే మాటతో మొదలవుతాయి. నిషిద్ధం అని అర్థం. దాని పక్కన పని పేరు పెడితే సరిపోతుంది. మమ్నూ అత్తద్ఖీన్ అంటే పొగతాగడం నిషిద్ధం. మమ్నూ అద్దుఖూల్ అంటే ప్రవేశం నిషిద్ధం. ఆ గోడకైతే మమ్నూ అత్తబవ్వుల్. మన 'పోయరాదు', 'అంటించరాదు'ల్లాగే ఎవరినీ వేలెత్తి చూపకుండా అందరికీ చెబుతుంది.

అలాగని పొట్టిగా ఉంటే చాలదు. 'ఇద్‌ఫా' అనే మాటే చూడండి. తలుపు మీద ఉంటే నెట్టు అని అర్థం. కౌంటర్ దగ్గర ఉంటే డబ్బు కట్టు అని. రెండూ ఒకే మాట, ఒకే అక్షరాలు. బిల్లులు కట్టే గదికి అద్దాల తలుపుంటే, దాని మీది 'పే హియర్'ను 'ఇద్‌ఫా ఇక్కడ' అంటే చదివినవాడు తలుపు నెట్టి ఊరుకుంటాడు. అందుకే భాయ్ అక్కడ క్రియ వాడరు. 'సుందూఖ్' అని రాస్తారు. పెట్టె అనే అర్థముంది కానీ, దుకాణాల్లో క్యాష్ కౌంటర్‌ను కూడా అదే అంటారు.

ఓసారి చౌరస్తాలోని 'ఫ్రీ లెఫ్ట్' బోర్డు వచ్చింది. ఫ్రీ అంటే ఉచితం అనుకుంటే 'మజ్జానీ' అవుతుంది. ఎడమవైపు ఉచితం! బండి నడిపేవాడికైతే 'ఎడమకు తిరగడానికి ఎప్పుడూ అనుమతి ఉంది' అని రాయాలి. అయితే భాయ్ అదీ రాయలేదు. ఫొటో తీసినాయన నడిచి వెళ్తున్నాడు. వాళ్ల దేశంలో బళ్లు కుడివైపు నడుస్తాయి, ఇక్కడ ఎడమవైపు. ఎర్రలైటు పడింది కదా అని ఆ మలుపులో రోడ్డు దాటబోతే ప్రమాదం. అందుకే "ఇక్కడ కార్లు ఆగవు, కుడివైపు చూసి దాటు" అని పంపారు. బోర్డులో ఆ మాటలు లేవు. ఆ బోర్డు వల్ల నడిచేవాడు తెలుసుకోవాల్సింది మాత్రం అదే.

ఆస్పత్రి బోర్డులైతే మరీ చిక్కు. మన దగ్గర 'క్యాజువాలిటీ' అంటే అత్యవసర విభాగం. మామూలు ఇంగ్లిష్‌లో ఆ మాటకు ప్రమాదంలో గాయపడినవాడు, చనిపోయినవాడు అని అర్థం. మక్కీకి మక్కీ అనువదిస్తే చదివినవాడి గుండె ఆగుతుంది. 'తవారీ' అనాలి, అంటే ఎమర్జెన్సీ. 'లేబర్ రూమ్'ను కూలీల గది చేయకుండా 'విలాదా' గది అనాలి. విలాదా అంటే ప్రసవం.

మొన్న ఓ రాత్రి యెమెన్ నుంచి వచ్చిన ఒక తండ్రి వార్డు బయటి బోర్డు ఫొటో పంపాడు. కొడుక్కి ఆ రోజే ఆపరేషన్ అయింది. తెలుగులో మూడు వరుసలు: 'రోగికి ఒక్క సహాయకుడు మాత్రమే. సందర్శకుల వేళలు సాయంత్రం 4-6. పాస్ లేనిదే లోపలికి అనుమతి లేదు.' అంకెలొక్కటే అర్థమై ఆయన బయట బల్ల మీద కూర్చుండిపోయాడు. మళ్లీ రేపు సాయంత్రం దాకా కొడుకును చూడలేననుకున్నాడు.

నేను చదవగానే భాయ్ అడిగిన మొదటి ప్రశ్న, "సహాయకుడు, సందర్శకుడు వేరు వేరా?" అని. వేరే అన్నాను. ఒకరు రాత్రి పడుకునేవారు, మరొకరు చూసి వెళ్లేవారు. అరబీలోనూ ఆ తేడా ఉంది. తోడుండేవాడు 'మురాఫిఖ్', చూడ్డానికి వచ్చేవాడు 'జాయిర్'. ఆ రెండూ కలిపేస్తే తండ్రి బయటే ఉండిపోతాడు.

తర్వాత అంకెలు. అరబీని కుడి నుంచి ఎడమకు చదువుతారు. 4-6 అని గీత పెట్టి రాస్తే కుడివైపున్న ఆరు ముందు కంట పడుతుంది. అందుకే గీత తీసేసి 'మిన్ 4 ఇలా 6' అని రాశారు. నాలుగు నుంచి ఆరు వరకు అని. గది నంబరు 205ను మాత్రం తలుపు మీద ఎలా ఉందో అలాగే ఉంచారు. వాళ్లు వాడే అరబీ అంకెల్లో సున్నా ఒక చుక్క, ఐదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. ఆ అంకెల్లో రాసిస్తే తలుపు మీది నంబరుతో పోల్చుకోలేడు. నర్సుకు చూపిస్తే ఆమె ఐదును సున్నా అనుకుంటుంది.

చివరికి వెళ్లినవి మూడు చిన్న వరుసలు. రోగికి ఒక్క మురాఫిఖ్ మాత్రమే. సందర్శకులకు సాయంత్రం 4 నుంచి 6 వరకు. పాస్‌తోనే ప్రవేశం. పంపేముందు భాయ్ వాటిని ఫొటో చూడని మరో దుబాసీకి ఫోన్లో చదివి వినిపించారు. "అర్థమైందా?" అని అడగలేదు. "ఇది చదివి నువ్వేం చేస్తావు?" అని అడిగారు. అవతలి ఆయన, "పాస్ తీసుకుని లోపలికి వెళ్తా" అన్నాడు. అప్పుడు పంపారు.

పావుగంటకు జవాబొచ్చింది. మాటలేమీ లేవు, ఒక ఫొటో. మంచం పక్కన స్టూలు, దాని మీద మెడకు వేలాడే తాడుతో మురాఫిఖ్ పాస్.