కూపను ఎక్కడికి చేరుతుంది? బాండుపై చేతికందే చక్రవడ్డీ రాబడి

బాండు కొనేవారికి మొదట కనిపించే అంకె, దాన్ని గడువు తీరేవరకు అట్టేపెట్టుకుంటే వచ్చే వార్షిక రాబడి. మార్కెట్లో దీన్ని ఈల్డ్ టు మెచ్యూరిటీ అని, క్లుప్తంగా వైటీఎం అని పిలుస్తారు. బాండు ఇచ్చే ప్రతి కూపనును, అంటే నిర్ణీత కాలానికి ఒకసారి చెల్లించే వడ్డీని, చివర్లో తిరిగివచ్చే అసలును, కొన్న ధరతో సరితూగేలా చేసే వడ్డీరేటు ఇది. ఈ లెక్కలో తప్పేమీ లేదు, కానీ మదుపరి మనసులో ఉండే ప్రశ్న సాధారణంగా వేరు: ఈ రోజు పెట్టిన సొమ్ము మొత్తం పదేళ్లలో ఎంతవుతుంది, అది ఏడాదికి ఎంత చొప్పున పెరిగినట్టు? ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పేది చేతికందిన చక్రవడ్డీ రాబడి. వచ్చిన కూపన్లను మళ్లీ ఏ రేటుకు మదుపు చేశారన్నది తెలిస్తే తప్ప ఆ జవాబు తేలదు. సిడ్నీ హోమర్, మార్టిన్ లీబోవిట్జ్ అనే అమెరికన్ బాండు నిపుణులు 1972లో ప్రచురించిన ‘ఇన్‌సైడ్ ది ఈల్డ్ బుక్’ అన్న గ్రంథంలో ఈ భేదాన్ని ప్రధానాంశంగా తీసుకుని, దీర్ఘకాలిక బాండు రాబడిలో పెద్దభాగం వడ్డీ మీద వచ్చే వడ్డీయేనని లెక్కలతో చూపించారు.

భారత ప్రభుత్వం 2014 జులైలో జారీచేసిన 8.40 శాతం, 2024 బాండును ఉదాహరణగా తీసుకుంటే విషయం స్పష్టపడుతుంది. లక్ష రూపాయల ముఖవిలువకు ఏడాదికి 8,400 రూపాయలు, అంటే ఆరు నెలలకోసారి జనవరిలోనూ జులైలోనూ 4,200 రూపాయల చొప్పున, పదేళ్లలో 20 కూపన్లు చెల్లించి, 2024 జులైలో లక్ష రూపాయల అసలు తిరిగి ఇవ్వడం ఈ బాండు షరతు. దీన్ని జారీ సమయంలోనే ముఖవిలువకు కొని చివరిదాకా ఉంచుకున్నవారి వైటీఎం 8.40 శాతం. కేంద్రప్రభుత్వ రుణపత్రం కనుక రూపాయల్లో చెల్లింపు ఆగిపోతుందన్న భయానికి తావు లేదు. అనిశ్చితి ఉన్నదల్లా, చేతికొచ్చిన 4,200 రూపాయలు ఆ తర్వాత ఎక్కడ, ఎంత వడ్డీకి పనిచేస్తాయన్న దగ్గరే.

ప్రతి కూపనూ వచ్చిన రోజునే మళ్లీ 8.40 శాతానికి మదుపైతే, పదేళ్లు ముగిసేసరికి అసలుతో కలిపి చేతిలో ఉండేది 2,27,695 రూపాయలు. ఇందులో లక్ష అసలు, 84,000 కూపన్లు, మిగిలిన 43,695 రూపాయలు వడ్డీపై వడ్డీ. కూపన్లు 6 శాతానికి మాత్రమే మదుపైతే వడ్డీపై వడ్డీ 28,856 రూపాయలకు తగ్గి, మొత్తం 2,12,856 అవుతుంది. పొదుపు ఖాతాలోనే వదిలేసి సగటున 3 శాతం వచ్చిందనుకుంటే, వడ్డీపై వడ్డీ 13,119 రూపాయలకు కుదించుకుపోయి, మొత్తం 1,97,119 దగ్గర ఆగుతుంది. మూడు సందర్భాల్లోనూ బాండు ఒకటే, కొన్నధర ఒకటే, బాండు చెల్లించిన రూపాయలు ఒక్కటే.

ఈ మొత్తాలను వార్షిక రేటుగా మార్చడానికి కావలసింది చివరి మొత్తం F, మొదట పెట్టిన ధర P, అర్ధసంవత్సరాల సంఖ్య n మాత్రమే.

```
y = 2 × [ (F / P)^(1/n) − 1 ]
```

రెండో సందర్భంలో 2,12,856ను లక్షతో భాగిస్తే 2.12856 వస్తుంది, దాని ఇరవయ్యో మూలం సుమారు 1.0385, అందులోంచి ఒకటి తీసివేసి రెండుతో హెచ్చవేస్తే 7.70 శాతం తేలుతుంది. మొదటి సందర్భంలో ఇదే పద్ధతికి 8.40 శాతమే జవాబుగా వస్తుంది, మూడో సందర్భంలో 6.90 శాతం. వడ్డీరేట్లు పెరిగి కూపన్లకు 10 శాతం దొరికి ఉంటే చేతికందే రాబడి 8.90 శాతానికి చేరేది. అంటే పునర్మదుపు రేటు వైటీఎం కంటే తక్కువైతే ఫలితం దానికి దిగువన, ఎక్కువైతే ఎగువన, రెండూ సమానమైతే సరిగ్గా అక్కడే ఉంటుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించడం అవసరం. కూపన్లను అదే రేటుకు మళ్లీ మదుపు చేయకపోతే వైటీఎం అబద్ధమైపోతుందని కొన్ని పాఠ్యపుస్తకాలు రాస్తుంటాయి కానీ, ఆ మాట అలా చెప్పడం సరికాదు. ప్రతి కూపనును ఇంటి ఖర్చులకు వాడుకున్న పింఛనుదారుకు కూడా, బాండులో నిలిచి ఉన్న సొమ్ము మీద 8.40 శాతమే ముట్టింది, అందులో లోటేమీ లేదు. ఆయనకు కావలసింది ఆరు నెలలకోసారి స్థిరమైన ఆదాయం కనుక, చేతికందిన చక్రవడ్డీ రాబడి అన్న కొలత ఆయన నిర్ణయానికి సంబంధించినదే కాదు. పదేళ్ల తర్వాత పిల్లల చదువుకో, ఇంటికో ఒక్కసారిగా పెద్ద మొత్తం కూడాలని కొన్నవారికి మాత్రం ఇదే అసలైన కొలత. ఒకే బాండు ఒకరికి మంచి ఎంపిక, మరొకరికి అంత మంచిది కాని ఎంపిక కావడానికి కారణం ఇక్కడే ఉంది.

పునర్మదుపు రేటు పదేళ్లూ ఒకేలా ఉండదు కనుక, సగటు ఎంతన్నదాంతో పాటు అది ఏ వరుసలో మారిందన్నదీ ఫలితాన్ని నిర్ణయిస్తుంది. కూడబెట్టిన సొమ్ము మొత్తం ఎప్పటి రేటుకు అప్పుడు తిరగరాసుకునే స్వల్పకాలిక డిపాజిట్లలో ఉందనుకుందాం. మొదటి ఐదేళ్లు 8 శాతం, తర్వాతి ఐదేళ్లు 5 శాతం దొరికితే కూపన్ల ఖాతా 1,11,603 రూపాయలవుతుంది. ముందు 5 శాతం, తర్వాత 8 శాతం దొరికితే 1,20,077 అవుతుంది. రెండింటికీ సగటు 6.5 శాతమే అయినా చేతికందిన రాబడి మొదటిదానిలో 7.64 శాతం, రెండోదానిలో 8.05 శాతం. పునర్మదుపు ఖాతా మొదట్లో చిన్నదిగా ఉండి చివరికి వచ్చేకొద్దీ పెద్దదవుతుంది కాబట్టి, ఎక్కువ సొమ్ము పోగైన కాలంలో రేటు పడిపోవడమే ఎక్కువ నష్టం చేస్తుంది. ఈ బాండు జీవితకాలంలో వాస్తవంగా జరిగింది చాలావరకు ఇలాంటిదే. బాండు జారీ అయిన 2014 జులైలో 8 శాతం ఉన్న రిజర్వు బ్యాంకు రెపో రేటు 2020 మే నాటికి 4 శాతానికి దిగింది, మళ్లీ 6.50 శాతానికి ఎక్కడానికి 2023 ఫిబ్రవరి దాకా పట్టింది. స్టేట్ బ్యాంకు పొదుపు ఖాతా వడ్డీ కూడా 4 శాతం నుంచి 2020లో 2.70 శాతానికి తగ్గింది.

దీనికి విరుగుడుగా కూపను వచ్చినప్పుడల్లా దాన్ని మిగిలిన కాలానికి స్థిరమైన రేటున బిగించుకోవచ్చు. అప్పుడు తొలి కూపన్లకే ప్రాధాన్యం పెరుగుతుంది: మొదటి కూపను 4,200 రూపాయలు మిగిలిన తొమ్మిదిన్నరేళ్లూ 8.40 శాతానికి పెరిగితే 9,178 రూపాయలవుతుంది, 6 శాతానికైతే 7,365 మాత్రమే అవుతుంది, చివరి కూపనుకేమో పునర్మదుపు అన్న ప్రశ్నే రాదు. అయితే చిన్న మదుపరికి ఇక్కడ ఒక ఆచరణాత్మకమైన అడ్డంకి ఉంది. ప్రభుత్వ బాండులో కనీస మదుపు 10,000 రూపాయల ముఖవిలువ. లక్ష రూపాయల బాండుపై వచ్చే 4,200తో మరో బాండు కొనడం కుదరదు, మూడు కూపన్లు పోగైతే గాని ఒక కొనుగోలుకు సరిపోవు. మొదటి కూపను ఈలోగా ఏడాది పాటు పొదుపు ఖాతాలో పడి ఉండవలసి వస్తుంది. కోట్లలో మదుపు చేసే బీమా సంస్థకు లేని ఈ ఇబ్బంది లక్షతో కొన్న కుటుంబానికి తప్పదు. అందువల్ల ఇద్దరూ ఒకే రోజు ఒకే ధరకు కొన్నా, చిన్న మదుపరి చేతికందే రాబడి మొదటి నుంచే కొంత వెనకబడి ఉంటుంది.

వైటీఎంకూ చేతికందే రాబడికీ మధ్య అంతరాన్ని పన్ను మరింత పెంచుతుంది, ఎందుకంటే ఈ కూపను మదుపరి ఇతర ఆదాయంతో కలిసి ఏటా పన్నుకు లోబడుతుంది కనుక మళ్లీ మదుపయ్యేది పన్ను పోగా మిగిలినదే. సెస్సును పక్కనపెట్టి 20 శాతం పన్ను అనుకుంటే 4,200లో మిగిలేది 3,360, 6 శాతం పునర్మదుపు రేటులో మిగిలేది 4.8 శాతం. పదేళ్ల తర్వాత మొత్తం దాదాపు 1,84,970 రూపాయలు, రాబడి 6.25 శాతం. చాలామంది 8.40లో ఐదోవంతు తీసేసి 6.72 శాతం వస్తుందని అంచనా వేసుకుంటారు కానీ, ఆ లెక్కలో పునర్మదుపు రేటు కూడా 8.40 శాతమేనన్న భావన చెప్పకుండానే దాగి ఉంది.

కూపనే లేని పథకంతో పోల్చినప్పుడు విషయం ఇంకా తేటతెల్లమవుతుంది. 2014 జులైలోనే పోస్టాఫీసుల్లో పదేళ్ల జాతీయ పొదుపు పత్రం దొరికేది. దాని రేటు 8.80 శాతం, ఆరు నెలలకోసారి చక్రవడ్డీ, మధ్యలో చెల్లింపులు లేకుండా వంద రూపాయలకు పదేళ్ల తర్వాత 236 రూపాయల 60 పైసలు. లక్షకు అది 2,36,600. కూపన్లను 6 శాతానికి తిప్పిన బాండు మదుపరికి వచ్చిన 2,12,856తో పోలిస్తే తేడా 23,744 రూపాయలు. పైకి కనిపించే రేట్ల మధ్య 0.40 శాతం భేదం వల్ల వచ్చింది ఇందులో 8,905 మాత్రమే. మిగిలిన 14,839 రూపాయలు పునర్మదుపు వల్ల వచ్చిన తేడా. పొదుపు పత్రంలో వడ్డీపై వడ్డీ రేటు కూడా కొన్న రోజునే ఖరారైపోయింది, బాండులో అది 19 సార్లు విడివిడిగా తేలవలసి వచ్చింది. బాండుకున్న సౌలభ్యం, మధ్యలో మార్కెట్లో అమ్ముకోగలగడం, పొదుపు పత్రానికి లేదన్నది నిజమే. అది అవసరమైనవారికి దానికొక విలువ ఉంటుంది. ఆ పదేళ్ల పత్రాన్ని 2015 డిసెంబరులో ఆపేశారు, ఇప్పుడు దొరికేది ఐదేళ్లది.

మధ్యలో అమ్మే ఉద్దేశం ఉంటే లెక్క కొంత మారుతుంది. వడ్డీరేట్లు తగ్గినప్పుడు కూపన్ల మీద వచ్చేది తగ్గినా బాండు ధర పెరుగుతుంది కనుక, ఒక దశలో రెండు ప్రభావాలు దాదాపు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఈ బాండుకు కొన్న రోజున ఆ దశ సుమారు 7 ఏళ్లు. బాండు పరిభాషలో దీన్ని డ్యురేషన్ అంటారు. ఏడేళ్ల తర్వాత సొమ్ము కావలసినవారు పదేళ్ల బాండు కొనడంలో అర్థం ఉన్నదీ, పదేళ్లకు కావలసినవారికి అదే బాండు పునర్మదుపు భారాన్ని మిగిల్చేదీ ఇందువల్లనే.

ఈ వ్యాసకర్త తన కుటుంబపు దీర్ఘకాలిక పొదుపులో పాటిస్తున్న నియమం దీని నుంచి వచ్చిందే: బాండు వైటీఎంను పొదుపు పత్రంతోనో, చక్రవడ్డీ డిపాజిట్‌తోనో నేరుగా పోల్చకుండా, కూపను నిజంగా చేరబోయే ఖాతా రేటును పన్ను తీసేసి, కొంత తక్కువగానే ఊహించి, చివరి మొత్తాన్ని కట్టి, దాన్నుంచి తేలిన రాబడితోనే పోల్చడం. బాండు కొనబోయే పాఠకులు కూడా సొమ్ము కట్టేముందే మొదటి కూపను ఏ ఖాతాలో, ఎంత వడ్డీకి పడుతుందో కాగితం మీద రాసుకోవాలని కోరడమైనది.