బావి వట్టిది, తాడు కొత్తది

అనంతపురంలో కవిత్వ అనువాద కార్యశాల జరుగుతోందంటే చూడ్డానికి వెళ్ళాను. ఒక డిగ్రీ కళాశాలలో పై అంతస్తు గది, పాతికమంది దాకా పిల్లలు, బోర్డు మీద నాలుగు ఇంగ్లీషు పాదాలు. అవి అక్కడి ఇంగ్లీషు లెక్చరరు ఈ పని కోసమే రాసుకొచ్చినవి. ఆమె చదివింది చదివినట్టు తెలుగు లిపిలో ఇస్తున్నాను.

ది వెల్ ఈజ్ డ్రై. ది రోప్ ఈజ్ న్యూ.
హీ బాట్ ఇట్ ఇన్ ద టౌన్ టుడే.
హీ లెట్స్ ఇట్ డౌన్, యాజ్ హీ వుడ్ డూ
వెన్ దేర్ వజ్ వాటర్, ఆల్ ద వే.

ముందు లయ తేల్చుకున్నారు. ఇంగ్లీషు పాదం ఊనికల మీద నడుస్తుంది. ఇక్కడ పాదానికి నాలుగు ఊనికలు: వెల్, డ్రై, రోప్, న్యూ. తెలుగు నడిచేది మాత్రల మీద. అందుకని అక్షరాలు లెక్కపెట్టి సరిచూసుకుంటే ఏమీ తేలదు. తెలుగు శాఖ నుంచి వచ్చిన పెద్దాయన ముత్యాలసరం ఎంచారు. మూడూ నాలుగూ, మళ్ళీ మూడూ నాలుగూ, మొత్తం పద్నాలుగు మాత్రలు. నాలుగు ఊనికలున్న చోట నాలుగు గణాలు పడతాయి. 1910లో గురజాడ చేపట్టిన ఈ నడకలో ప్రాస నియమం లేదు కాబట్టి మాట్లాడుకునే తెలుగు ఇందులో ఇబ్బంది లేకుండా ఇముడుతుంది.

మొదటి పాదాన్ని ఒకమ్మాయి ‘బావి ఎండెను, తాడు కొత్తది’ అంది. లెక్క సరిపోయింది. కానీ ‘ఎండెను’ పుస్తకాల మాట, ‘ఎండింది’ అంటే ఒక మాత్ర ఎక్కువ. చివరికి ‘బావి వట్టిది’ దగ్గర ఆగారు. ఇంగ్లీషులో రెండు వాక్యాలూ ఒకే అచ్చులో ఉన్నాయి. తెలుగులోనూ రెండూ క్రియ లేని వాక్యాలే అయ్యాయి.

తాడు దగ్గర పెద్ద వాదన నడిచింది. “బాయిలో వేసేది చేంతాడు కదా సార్, ఉత్త తాడంటే ఎట్ల?” అన్నాడు ఒక కుర్రాడు. మాట నిజమే. అది రెండు మాత్రలు ఎక్కువవుతుందన్నది చిన్న అడ్డంకి. పెద్దాయన చూపిన కారణం వేరు. ఎండిన బావి, కొత్త తాడు అనగానే ఈ జిల్లాలో ఎవరికైనా గుండె గుభేల్‌మంటుంది. ఇంగ్లీషు ‘రోప్’లోనూ ఆ భయం ఉంది. చేంతాడు అన్నామా, అది నీళ్ళు తోడే తాడేనని మొదటి పాదంలోనే తేలిపోతుంది. ఆ భయం మూడో పాదం దాకా నిలవాలి. కచ్చితమైన మాటకన్నా అస్పష్టమైన మాటే ఇక్కడ సరైనదని నాకూ అనిపించింది.

రెండో పాదం మొదట ‘నేడు పట్నం పోయి కొన్నది’. రైతు ఇంట్లో ‘నేడు’ ఎవరంటారు? ‘నిన్న’ అంటే మాత్రలు కుదురుతాయి కానీ కొన్న రోజే బావిలోకి దించిన ఆత్రం పోతుంది. ‘పొద్దునే పట్నాన కొన్నది’ అన్నాక రెండూ దక్కాయి.

అసలు కష్టం మూడో పాదంలో వచ్చింది. చాలామంది ‘నీళ్ళు ఉన్నట్టు’ అని రాశారు. ఇంగ్లీషు చూడని ఒక విద్యార్థిని వరండాలోంచి పిలిచి ఆ పద్యం వినిపించారు. “పిచ్చోడా మేడమ్?” అని అడిగింది. లేని నీళ్ళు ఉన్నాయని ఆ మనిషి అనుకోవడం లేదు. ఉన్నరోజుల్లో చేసిన పని ఈరోజూ చేస్తున్నాడు, అంతే. అది భ్రమ కాదు, అలవాటు. ‘ఉన్నపుడెట్లొ అట్లే’ అని మార్చి వినిపిస్తే ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు. మూలం తెలియని చెవికి వినిపించి చూడటం మాత్రల లెక్కకన్నా గట్టి పరీక్ష.

బావి వట్టిది, తాడు కొత్తది.
పొద్దునే పట్నాన కొన్నది.
నీళ్ళు ఉన్నపుడెట్లొ అట్లే
దించుతున్నా డడుగుదాకా.

ఇంగ్లీషులో ‘హీ’ మూడుసార్లు వస్తుంది. తెలుగులో ఆ మనిషి నాలుగో పాదంలో, అదీ క్రియ చివరి ‘డు’లోనే కనిపిస్తాడు. అంతదాకా బావీ తాడూ మాత్రమే ఉంటాయి. మూలంలో లేని ఈ జాప్యం నాకు నచ్చింది. క్రియతో ముగించకుండా ‘అడుగుదాకా’ను చివరికి తోయడం వల్ల మూలంలోలాగే తాడు పొడవంతా పాదం చివర పడింది.

పోయినవీ ఉన్నాయి. పాదం విడిచి పాదంగా కలిసే ఇంగ్లీషు అంత్యప్రాస పోయింది. దానికోసం ‘కొన్నాడు, దించాడు’ అని క్రియలు పేరిస్తే సులువుగా కలుస్తుంది, కానీ చవకగా వినిపిస్తుంది. ‘నీళ్ళు ఉన్నపుడు’ దగ్గర సంధి చేయలేదని వ్యాకరణం తెలిసినవాళ్ళు అడ్డుపడతారు. చేస్తే నడక తప్పుతుంది, అక్కడ చిన్న విరుపుతో చదువుకోవాలి. ‘ఎట్లొ అట్లే’ కోస్తా పాఠకుడికి కొత్తగా ఉండొచ్చు. ‘ఎలాగో అలాగే’ ఈ గణాల్లో పట్టదు. పద్యం ఈ నేల యాసతోనే కళాశాల పత్రికకు వెళుతోంది.