కోతల నెలలో పరీక్ష

గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద ఉన్న రీడింగ్ రూముకి డిసెంబరు చివర్లో ఒక ఆదివారం వెళ్లాను. అక్కడ పాఠం చెప్పరు. కుర్చీ, లైటు, ఫ్యాను, మంచినీళ్లు ఉంటాయి. నన్ను అక్కడికి రప్పించింది మాత్రం మూలనున్న చిన్న బల్ల. రిటైరైన ఒక బడి మాస్టారు ఆదివారం సాయంత్రాలు అక్కడ కూర్చుని, పిల్లలు రాసిన నమూనా పరీక్షలో తప్పుల లెక్క చూస్తారు.

నేను వెళ్లేసరికి ప్రత్తిపాడు వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆ బల్ల ముందు ఉంది. గ్రూప్-2 ప్రిలిమ్స్ నమూనా పేపరు రాసింది. 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. 84 ఒప్పు, 48 తప్పు, 18 వదిలేసింది. తప్పుకి మూడో వంతు మార్కు పోతుంది కాబట్టి 84లో 16 పోయి 68 మిగిలాయి.

"68 సంగతి తర్వాతమ్మా, ఈ 48 ఎక్కడివో చెప్పు" అన్నారు మాస్టారు.

ఒక తెల్లకాగితం మీద నాలుగు గళ్లు గీశారు. అసలు చదవనివి 15. చదివి మరిచిపోయినవి 17. తెలిసి కూడా ప్రశ్న సరిగా చదవక పోగొట్టుకున్నవి 10. ఊహించి పెట్టినవి 6. ఆ పదింటిని ఆయన పెన్సిలుతో ఒక్కొక్కటే చూపించారు. వాటిలో ఎక్కువ భాగం "సరికానిది ఏది" అన్న ప్రశ్నలే. ఆ అమ్మాయి కన్ను "సరైనది" అని చదివేసింది. ఆ పది సరిచేసుకుంటే పది మార్కులు వస్తాయి, కోత పడ్డవి కూడా తిరిగొస్తాయి, మొత్తం 13కి పైగా. కొత్త పుస్తకం ఒక్కటీ తెరవక్కర్లేదు. ఆ రోజు నుంచి ప్రశ్నలో "కానిది", "కాదు" కనిపిస్తే ముందు దాని కింద గీత గీసి తర్వాతే జవాబుల జోలికి వెళ్లాలని చెప్పారు.

ఊహ సంగతీ లెక్కగానే చెప్పారు. ఏమీ తెలియకుండా 12 పెడితే, నాలుగింటిలో ఒకటి చొప్పున 3 ఒప్పవుతాయి, 9 తప్పవుతాయి. వచ్చిన మూడూ కోతకే పోతాయి. రెండు జవాబులు కొట్టేసి మిగతా రెండింటిలో ఒకటి పెడితే 6 ఒప్పు, 6 తప్పు. నికరంగా 4 మిగులుతాయి. అందుకని పేపరు రాసేటప్పుడే గుడ్డిగా పెట్టినదాని పక్కన సున్నా, రెండింటి మధ్య తేల్చుకున్నదాని పక్కన చుక్క పెట్టమంటారు. ఆ గుర్తులు లేకపోతే, తగిలిన జవాబుని పిల్లలు తెలిసిన జవాబుగానే గుర్తుంచుకుంటారట.

ఈ కాగితం ఎక్కడ చెడిపోతుందని అడిగాను. "అందంగా రాయడం మొదలెడితే చెడిపోతుంది" అన్నారు. జవాబులన్నీ రంగు పెన్నులతో ఎక్కించుకుంటూ పోతే అది ఇంకో నోట్సు అయిపోతుంది. తప్పుకి ఒక్క వాక్యం, తప్పడానికి కారణం ఒక్క మాట చాలు. మరిచిపోయిన 17నీ మర్నాడు, వారం తర్వాత, నెల తర్వాత, మొత్తం మూడుసార్లు చూడాలి, అదీ జవాబు మూసి. చదవని 15 మాత్రం తన చేతిలో లేవని, ఏ పుస్తకం తీయాలో చెప్పగలనంతేనని ఒప్పుకున్నారు.

నాకు అన్నిటికంటే విలువగా తోచింది తర్వాత వేసిన ప్రణాళిక. ఆ అమ్మాయి వాళ్లు రెండెకరాలు కౌలుకి తీసుకుని మిర్చి వేశారు. ఫిబ్రవరిలో కోతలు, కల్లంలో కాయ ఆరబోయడం, తాలు ఏరడం, టిక్కీలు తొక్కడం. గ్రూప్-2 ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న జరిగింది, మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న. రెండూ మన మిర్చి కోతల్లోనే పడ్డాయి. బజార్లో దొరికే రోజుకి పన్నెండు గంటల టైంటేబులులో కల్లం ఉండదు. అది మూడోరోజే తప్పుతుంది. తప్పిందన్న దిగులుతో పిల్లలు వారం రోజులు పుస్తకం ముట్టరు.

మాస్టారు పంటనే ముందు రాశారు. సంక్రాంతి దాకా రోజుకి ఆరు గంటలు, కొత్త పాఠాలన్నీ అప్పుడే. కోతలు మొదలయ్యాక తెల్లవారుజామున రెండే గంటలు, అవీ తప్పుల కాగితాలకే. కల్లం దగ్గర తాలు ఏరుతూ వినడానికి వర్తమాన వ్యవహారాలు తన గొంతుతోనే ఫోనులో రికార్డు చేసుకోవాలి. నిద్రలో మాత్రం గంట కూడా తగ్గించలేదు.

గోడ మీద ఒక నంబరు రాసి ఉంది, 14416. కేంద్రం 2022లో పెట్టిన టెలి మానస్, మనసు బాగోనివాళ్లకి ఉచిత ఫోను. మూడు రోజులు వరుసగా ఎవరి కుర్చీ ఖాళీగా ఉన్నా మాస్టారు తానే ఫోన్ చేస్తారు. అవతలి గొంతు తేడాగా అనిపిస్తే ఆ నంబరు చెప్పి, ఇంట్లోవాళ్లతో కూడా మాట్లాడతారు.

1918లోనే వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసిన ప్రాంతం మనది. ఇప్పుడు మండలాల్లోని శాఖా గ్రంథాలయాల్లో బల్లలు, కుర్చీలు ఉన్నాయి, పరీక్షలకు చదివే పిల్లలూ వస్తున్నారు. రిటైరైన మాస్టార్లు ఆదివారం రెండు గంటలు అక్కడ కూర్చోవాలని నా విన్నపం.