"రేపు" అంటే ఏ రోజు?

మా మినీ ప్రాజెక్ట్ గ్రూప్‌లో మార్చి 11, మంగళవారం రాత్రి 11:52కి ఒక మెసేజ్ వచ్చింది.

```
repu 4.30 ki review. seminar hall. andaru ravali
```

నేను చూసేసరికి పన్నెండు దాటింది. వెంటనే స్క్రీన్‌షాట్ తీశా. దానికో కారణం ఉంది. స్క్రీన్‌షాట్ ఇస్తే క్యాలెండర్ ఎంట్రీ తయారు చేసే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ ఒకటి రెండు వారాల ముందే రాసుకున్నా. బొమ్మలో ఉన్న అక్షరాలని టెసరాక్ట్ చదువుతుంది, నా కోడ్ అందులో `repu`, `ellundi` లాంటి మాటలు వెతికి తేదీ లెక్కేస్తుంది, చివరికి ఒక `.ics` ఫైల్ వస్తుంది. దాన్ని మెయిల్‌లో పంపితే అవతలి వాళ్ళు ఒక్కసారి నొక్కితే చాలు, మీటింగ్ వాళ్ళ క్యాలెండర్‌లో చేరిపోతుంది.

ఆ రాత్రి అది నా కోసం కాదు, మా టీమ్‌లో నాలుగోవాడి కోసం. వాళ్ళ అక్క పెళ్లి పనులని ఊరెళ్ళాడు, ఫోన్ రిపేర్‌లో ఉంది, గ్రూప్ చూడలేడు. ఇంట్లో లాప్‌టాప్‌లో మెయిల్ మాత్రం చూస్తాడు. ఫైల్ పంపేసి హాయిగా పడుకున్నా.

బుధవారం మధ్యాహ్నం గ్రూప్‌లో "ఎవరెవరు వచ్చారు?" అని అడిగాక గాని నాకు వెలగలేదు, రివ్యూ ఇవాళేనని. పరిగెత్తా. వాళ్ళ నాన్నగారి ఫోన్‌కి చేస్తే బట్టల షాపులో ఉన్నారు, వాడు ఇంట్లో. మా ఊరికి బస్సులో రెండు గంటలు. రివ్యూ పది మార్కులకి, వాడి పేరు పక్కన ఆబ్సెంట్ పడింది. నేను పంపిన ఎంట్రీలో తేదీ గురువారం, మార్చి 13.

తప్పు ఎక్కడ జరిగిందంటే, నా కోడ్ స్క్రీన్‌షాట్ ఫైల్ పేరుని నమ్మింది. నా ఫోన్‌లో పేరు `Screenshot_20250312-000612` అని వస్తుంది, అంటే 12వ తేదీ, రాత్రి 12 దాటి ఆరు నిమిషాలు. దానికి ఒకరోజు కలిపితే 13. కానీ "రేపు" అన్నది మెసేజ్ పెట్టినవాళ్ళ రేపు, స్క్రీన్‌షాట్ తీసినవాడి రేపు కాదు. మధ్యలో ఉన్న పద్నాలుగు నిమిషాల్లో తేదీ మారిపోయింది.

మరి మెసేజ్ తేదీ బొమ్మలో ఉండదా? వాట్సాప్‌లో మెసేజ్ మూలన టైమ్ మాత్రమే ఉంటుంది. తేదీ ఆ రోజు మొదటి మెసేజ్ పైన ఒక్కచోటే ఉంటుంది. పైకీ కిందకీ జరుపుతుంటే కాసేపు కనిపించి మాయమైపోతుంది. మా గ్రూప్‌లో రోజుకి వంద మెసేజ్‌లు, ఇంక అది స్క్రీన్‌షాట్‌లో ఎందుకు పడుతుంది?

ఒక విషయం మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఈ కోడ్ మొదటిసారి నడిపినప్పుడు ఇంకో తప్పు వచ్చింది. `163000` వెనక `Z` పెట్టేశా. `Z` అంటే యూటీసీ టైమ్, మనది దానికి ఐదున్నర గంటలు ముందు. అందుకని నాలుగున్నర మీటింగ్ రాత్రి పదింటికి కనబడింది. రాత్రి పదింటికి ఎవడు పెడతాడని వెంటనే పట్టుకున్నా. `110000Z` అని మార్చా. కానీ గురువారం సాయంత్రం నాలుగున్నర అంటే ఎవరికి అనుమానం వస్తుంది? వాడికీ రాలేదు, నాకూ రాలేదు.

ఇప్పుడు కోడ్ మార్చా. మెసేజ్ మూలన ఉన్న టైమ్‌ని ఫైల్ పేరులోని టైమ్‌తో పోలుస్తుంది. మెసేజ్ 23:52, ఫైల్ 00:06. మెసేజ్ టైమే పెద్దదిగా ఉంటే అది ఈరోజుది అయ్యే ఛాన్సే లేదు, కనీసం నిన్నటిది. అలా కాకపోతే మాత్రం ఏమీ చెప్పలేం. పొద్దున 9:10 మెసేజ్‌ని 9:40కి స్క్రీన్‌షాట్ తీస్తే అది ఇవాళ్టిదీ కావచ్చు, మూడు రోజుల కిందటిదీ కావచ్చు. ఫార్వర్డ్ చేసిన మెసేజ్ అయితే ఇంకా కష్టం, కనబడే టైమ్ ఫార్వర్డ్ చేసినప్పటిది. అందుకే `repu` కనబడితే ఇప్పుడు లెక్క వేయడం ఆపి, "మెసేజ్ ఏ తేదీది?" అని నన్నే అడుగుతుంది. అసలు మెసేజ్‌ని కూడా ఎంట్రీలో పెడుతున్నా:

```
SUMMARY:Review (Wed 12 Mar)
DTSTART:20250312T110000Z
DESCRIPTION:repu 4.30 ki review (sent 11 Mar 23:52)
```

చివరి లైన్ ఆరోజు ఉండుంటే వాడే పట్టుకునేవాడు.

గురువారం ఆపడానికి ఎంత ప్రయత్నించినా వాడు అప్పటికే బస్సెక్కేశాడు. గైడ్‌ని బతిమాలదామని వచ్చాడు. సోమవారం మళ్ళీ రివ్యూ పెట్టారు, కానీ ఐదు మార్కులకే. నేను సారీ చెప్తే, "సరేలే రా, పెళ్లికి రా ముందు" అన్నాడు. పెళ్లి తేదీ నోటితో చెప్పాడు. నేను వారం కూడా అడిగి మరీ రాసుకున్నా.