ఎందాకా?

రైలెక్కిన మనిషిని ఎదుటి సీట్లోవాళ్ళు మొదట అడిగే మాట ఒకటుండేది. "ఎందాకా?" అంతే. ఆ ఒక్క మాటతో ఊరూ పేరూ బయటపడేవి, ఉద్యోగం, పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు వాటి వెంట వచ్చేవి. దిగే స్టేషన్ వచ్చేసరికి "ఈసారి మా ఊరొచ్చినప్పుడు ఇంటికి రావాలి సుమండీ" అనేదాకా వెళ్ళేది. ఇప్పుడా మాట వినబడటం లేదు. మొన్న సంక్రాంతి వెళ్ళాక ఏలూరులో బండెక్కాను. మా అరలో ఎనిమిది మందిమి. ఎవరి చెవుల్లో వాళ్ళ తీగలు, ఎవరి అరచేతిలో వాళ్ళ వెలుగు. బెజవాడ వచ్చి వెళ్ళినా ఒక్కరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. నాకది అవమానంలా అనిపించింది. మనిషి పక్కన మనిషి ఐదారు గంటలు కూర్చుని పలకరించకపోవడం మర్యాద ఎలా అవుతుంది? ముక్కూమొహం తెలియనివాళ్ళని జీతమెంతని అడగడం అనాగరికం అంటారు కొందరు. నేనలా అనుకోను. అలా అడిగేవాడు తన జీతం ముందు చెప్పేవాడు కదా.

మా అమ్మ అయితే మాటతో కాక నీళ్ళతో మొదలుపెట్టేది. మాకొక ఇత్తడి మరచెంబు ఉండేది. మెడ దగ్గర మరలు, పైన బిరడా, పట్టుకోవడానికి వంపు తిరిగిన పిడి. బిరడా విప్పి తిరగేస్తే అదే గ్లాసు. బండి కదిలిన పావుగంటకి అమ్మ ఆ బిరడాలో నీళ్ళు పోసి ఎదురుగా ఉన్న చంటిపిల్ల తల్లికి అందించేది. ఆవిడ తాగేది. ఇక వాళ్ళిద్దరినీ ఆపేవాళ్ళు లేరు. పులిహోర పొట్లాలు విప్పుకునే వేళకి ఆవిడ పుట్టింటి గొడవలన్నీ మాకు కంఠతా వచ్చేసేవి. ఆ చెంబు నీళ్ళకి ఒక రుచి ఉండేది. చింతపండు పెట్టి తోమిన ఇత్తడి రుచి, కొంచెం రైలు పొగ రుచి. కొనుక్కునే సీసా నీళ్ళలో ఎంత వెదికినా అది దొరకదు. సీసా మూతతో ఎవరికీ నీళ్ళివ్వలేం కూడా. అమ్మ పోయాక చెంబు మా చెల్లెలి ఇంటికి చేరింది. అడగాలని ఉన్నా అడగలేదు.

సరే, ఆ రాత్రి సంగతి. నాది మధ్య బెర్తు. మహబూబాబాద్ దాటిన కాసేపటికి బండి ఆగింది. ఒంటిగంటన్నర అయింది. పది నిమిషాలు చూశాను. కదలలేదు. ఫోన్ తీస్తే ఆలస్యం పన్నెండు నిమిషాలని చూపించింది, తర్వాత ఇరవై, ఆపైన ముప్ఫై ఐదు. ఎంత ఆలస్యమో దానికి తెలుసు, ఎందుకో తెలియదు. కిందికి దిగి తలుపు దగ్గర నిలబడ్డాను. చలి ఎముకలు కొరికేస్తోంది. ఒక చిన్న స్టేషన్, రెండు దీపాలు, మంచు. వెనక్కొచ్చి చూస్తే కూర్చునే చోటు లేదు. మధ్య బెర్తు వేసి ఉంటే కింద బెర్తు మీద మెడ వంచుకుని తప్ప కూర్చోలేం. పైగా రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా దాన్ని దించమని ఎవర్నీ అడగకూడదు, అది పడుకునేవాడి హక్కు.

కింది బెర్తులో ఖమ్మంలో ఎక్కిన పెద్దాయన మేలుకునే ఉన్నారు. తలకి మఫ్లరు, ఒంటిమీద గొంగడి. నా వైపు చూసి లేచారు.

"ఇది దించుదం సార్. మీకు నిద్ర లేదు, నాకూ లేదు. కూసోండ్రి."

ఇద్దరం కలిసి గొలుసులు విప్పి బెర్తు దించాం. ఆయన కిటికీ దగ్గర, నేను ఇవతల. మళ్ళీ పది నిమిషాలు మౌనం. ఎదురు లైన్లో ఒక బండి పెద్ద చప్పుడుతో వెళ్ళిపోయింది. అప్పుడాయన అడిగారు.

"ఎందాక పోతుండ్రు సార్?"

సికింద్రాబాద్ అన్నాను. తను కాజీపేట అన్నారు. బిడ్డ అత్తవారిల్లు ఖమ్మం దగ్గరట, చూసి వస్తున్నారు. మళ్ళీ ఆగిపోయాం. ఈసారి నేనే అడిగాను, బండి ఎందుకు ఆగిందంటారని. ఆయన వెంటనే చెప్పలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు కాసేపు తల ఆడించి, "పట్టా ఇరిగుంటది" అన్నారు.

నేను నమ్మలేదు. చీకట్లో అద్దం కూడా ఎత్తని కిటికీ పక్కన కూర్చుని అదెలా తెలుస్తుంది? ఆయన వేళ్ళు మడిచి చెప్పారు. ఏదైనా పెద్ద బండిని ముందు పంపడానికి మనల్ని ఆపి ఉంటే లూప్ లైన్లో పెట్టేవారు. లూప్ లైన్లోకి తిరిగేటప్పుడు బండి బాగా నెమ్మదిస్తుంది, బోగీ ఒక పక్కకి ఊగుతుంది. "మన బండి ఊగలే, సీదా వచ్చి ఆగింది." పైన తీగలో కరెంటు పోయిందా అంటే, ఇప్పుడే ఎదురుగా కరెంటింజన్ పోయింది కదా. సిగ్నల్ పాడైతే స్టేషన్ మాస్టరు కాగితం రాసిచ్చి డ్రైవరుని నెమ్మదిగా వెళ్ళమంటారు, ఇంతసేపు ఆపరు. ఎదురు లైన్లో బండ్లు పోతున్నాయి, మన లైన్లోనే ఏమీ కదలడం లేదు, పైగా ఇంత చలి. ఇక మిగిలింది పట్టాయే.

"మీరు రైల్వేలో చేశారా?"

"ముప్ఫై రెండేండ్లు. గ్యాంగ్‌మన్ ఎక్కిన, మేటు దిగిన."

అక్కడ మొదలయ్యాయి మాటలు. చలికీ పట్టాకీ ఏమిటి సంబంధమని అడిగాను. చిన్నప్పుడు రైల్లో టకటక, టకటక అని చప్పుడు వినేవారు కదా అన్నారు. వినకపోవడమేమిటి, ఆ చప్పుడుకే నిద్రపోయిన తరం మాది. అప్పట్లో పట్టాలు పదమూడు మీటర్ల ముక్కలట. ముక్కకీ ముక్కకీ మధ్య సందు వదిలి, రెండు వైపులా ఫిష్ ప్లేట్లు పెట్టి బోల్టులు బిగించేవారు. ఎండకి ఇనుము సాగితే ఆ సందులోకి సాగేది, చలికి ముడుచుకుంటే సందు పెద్దదయ్యేది. చక్రం ఆ సందు దాటినప్పుడల్లా టక్కుమనేది. ఇప్పుడు ఆ ముక్కలన్నీ కరిగించి అతికేశారు, కిలోమీటర్ల పొడుగున ఒకటే పట్టా. అందుకే చప్పుడు లేదు, కుదుపు లేదు. ఇనుము స్వభావం మాత్రం మారలేదు. చలికి ముడుచుకుందామని చూస్తుంది. స్లీపర్లకి బిగించిన క్లిప్పులు కదలనివ్వవు. ముడుచుకోలేని పట్టా లోపల్లోపల బిగుసుకుపోయి ఉంటుంది. "రెండు దిక్కుల నుంచి తాడు గుంజినట్టు" అన్నారాయన. ఎక్కడైనా అతుకులో లోపమున్నా, కంటికి కనబడని పగులున్నా, తెల్లవారుజామున చలి ముదిరే వేళకి అక్కడ ఫట్‌మని తెగుతుంది. ఎండాకాలం దీనికి తిరగబడి ఉంటుంది, సాగడానికి చోటులేక పట్టా పాములా వంకర తిరుగుతుంది.

నేను అడక్కుండానే ఆయన ఒక రాత్రి గురించి చెప్పారు. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, చలికాలపు గస్తీ. ఇద్దరు మనుషులు, ఒక లాంతరు, భుజాన సంచి. రాత్రంతా తమ వంతు లైను వెంట అటూ ఇటూ నడవాలి. మూడు గంటలప్పుడు లాంతరు వెలుతురు పట్టా మీద పారుతూ పారుతూ ఒకచోట తెగిపోయిందట. వంగి చూస్తే రెండు వేళ్ళు పట్టేంత సందు, తెగిన చోట ఇనుము తెల్లగా కొత్తగా మెరుస్తోంది. రాత్రిపూట తెగిన పట్టాకి అదే గుర్తట. పాతదైతే తుప్పు పట్టి ఉంటుంది.

తోడున్నతన్ని ఎర్ర లాంతరుతో అక్కడే నిలబెట్టి ఈయన బండి వచ్చే వైపు పరుగెత్తారు. ఆరొందల మీటర్ల దగ్గర పట్టా మీద ఒక పటాకా కట్టాలి. పన్నెండొందల మీటర్ల దగ్గర మూడు, పదేసి మీటర్ల ఎడంలో. చక్రం ఎక్కితే పేలేవి అవి. నిద్రమత్తులో ఉన్నా, మంచులో ఎర్రదీపం కనబడకపోయినా డ్రైవరు చెవికి అందాలని. ఆరొందల మీటర్ల దగ్గర ఒకటి కట్టి, ఆగకుండా మళ్ళీ పరుగెత్తి మూడూ కట్టేసరికి బండి వెలుతురు కనబడింది. మూడూ పేలాయి. బండి ఆగింది.

"డ్రైవరు ఏమన్నారు?"

"ఏమంటడు సార్? దిగొచ్చి ఎంత సందుందని అడిగిండు. చెప్పిన. బీడీ ఇచ్చిండు."

ఆ మాట చెప్పి ఆయన సంచిలోంచి స్టీలు చెంబు తీశారు, మూత ఉన్న మామూలు చెంబు. మూతలో నీళ్ళు పోసి నాకిచ్చారు. నేను తాగాను. తర్వాత నా సంచిలో ఉన్న సున్నుండల డబ్బా తీశాను. పండక్కి మా పెద్దమ్మ చేసినవి. రెండు తిన్నారు. నెయ్యి ఎక్కడిదని అడిగారు, నా జీతం అడిగారు, పిల్లలెంతమందని అడిగారు. అన్నీ చెప్పాను. ఆయన పెన్షను ఎంతో, చిన్నకొడుకు కాజీపేటలో ఏం చేస్తాడో నేనూ అడిగి తెలుసుకున్నాను. పై బెర్తులో ఎవరో విసుక్కుంటే గొంతు తగ్గించాం గానీ ఆపలేదు.

మూడూ పావుకి బండి కదిలింది. కొంత దూరం పోయి మళ్ళీ ఆగింది. "చూడుండ్రి, ఇప్పుడు మనిషి నడిచినంత మెల్లగ పోతది" అని ఆయన కిటికీ షట్టరు పైకెత్తారు. చలిగాలి మొహాన కొట్టింది. పట్టా పక్కన టార్చిలైట్లు, ఏడెనిమిది మంది, తలలకి తువ్వాళ్ళు. తెగిన చోట రెండు పక్కలా ప్రత్యేకంగా వంచిన ఫిష్ ప్లేట్లు పెట్టి క్లాంపులు బిగించారు. ఆ అతుకు మీదుగా మా బోగీ దాటుతుంటే నా కాళ్ళకింద టక్కుమంది. చిన్నప్పటి చప్పుడు, ఒక్కసారే.

ఆయన కిటికీలోంచి కేకేశారు. "ఎంత సందే?"

"రెండేళ్ళు, మేటు!" అని చీకట్లోంచి జవాబొచ్చింది. ఏడేళ్ళ కింద రిటైరైన మనిషిని గొంతు బట్టి గుర్తుపట్టారు.

కాజీపేటలో ఆయన దిగేసరికి నాలుగున్నర అయింది. ఆ రాత్రి వేసింది తాత్కాలికపు కట్టేనట. పగలు చెడిన ముక్క కోసి, కొత్త ముక్క వేసి అతుకుతారు. అప్పటిదాకా ప్రతి బండీ అక్కడ గంటకి ఇరవై కిలోమీటర్ల వేగంతోనే దాటాలి, పక్కన ఒక మనిషి నిలబడి ఆ క్లాంపులు సడలకుండా కాపలా కాయాలి.